నడుస్తున్న దశ ఏం చెబుతుంది? వింశోత్తరి లెక్క, దాని హద్దులు

"మీకు శని మహాదశ నడుస్తోంది" అనే మాట వినగానే చాలా ఇళ్లలో దిగులు మొదలవుతుంది. అదే "శుక్ర మహాదశ వచ్చింది" అంటే ఇక అంతా కలిసొస్తుందని సంబరపడతారు. నిజానికి జ్యోతిష శాస్త్రం ప్రకారం చూసినా ఈ రెండూ తొందరపాటే. దశ పేరొక్కటే వింటే మంచో చెడో తేలదు. ఆ దశ ఎలా పుట్టింది, ఆ గ్రహం మన జాతకంలో ఏ పని మీద కూర్చుంది, ఆ లెక్కలోని తేదీలు ఎంత గట్టివి అన్న మూడు సంగతులు తెలిస్తే ఆ మాటను సరిగ్గా తూచవచ్చు.

ఇదంతా ఒక ఉదాహరణతో చూద్దాం. ఎవరో ఒకరి జాతకం తీసుకుంటే పాఠకుడు సరిచూసుకోలేడు. అందుకని అందరికీ పుట్టిన వేళ తెలిసిన జాతకం ఒకటి తీసుకుందాం. 1947 ఆగస్టు 15, అర్ధరాత్రి, న్యూఢిల్లీ. జ్యోతిషులు దశాబ్దాలుగా చర్చిస్తున్న స్వతంత్ర భారత జాతకం ఇదే. వృషభ లగ్నం, లగ్నంలోనే రాహువు. మిథునంలో కుజుడు. కర్కాటకంలో రవి, చంద్రుడు, బుధుడు, శుక్రుడు, శని అయిదుగురూ ఉన్నారు. తులలో గురువు, వృశ్చికంలో కేతువు.

నూట ఇరవై ఏళ్ల పంపకం

వింశోత్తరి లెక్కలో మనిషి పూర్ణాయుర్దాయం 120 ఏళ్లు. దాన్ని తొమ్మిది గ్రహాలకు పంచారు. పంపకం సమానంగా లేదు. రవికి ఆరేళ్లే దక్కితే శుక్రుడికి ఇరవై ఏళ్లు దక్కాయి. వరుస గుర్తుండటానికి పెద్దలు "ఆ చం కు రా గు శ బు కే శు" అని నేర్పేవారు. మొదటి అక్షరం ఆదిత్యుడిది, అంటే రవిది. లెక్క కృత్తిక నక్షత్రంతో మొదలై, తొమ్మిదేసి నక్షత్రాలకు ఒకసారి అదే వరుస తిరుగుతుంది. అందుకే ఒక్కో గ్రహానికి మూడేసి నక్షత్రాలు వచ్చాయి.

రవి, 6 ఏళ్లు: కృత్తిక, ఉత్తర, ఉత్తరాషాఢ
చంద్రుడు, 10 ఏళ్లు: రోహిణి, హస్త, శ్రవణం
కుజుడు, 7 ఏళ్లు: మృగశిర, చిత్త, ధనిష్ఠ
రాహువు, 18 ఏళ్లు: ఆరుద్ర, స్వాతి, శతభిషం
గురువు, 16 ఏళ్లు: పునర్వసు, విశాఖ, పూర్వాభాద్ర
శని, 19 ఏళ్లు: పుష్యమి, అనూరాధ, ఉత్తరాభాద్ర
బుధుడు, 17 ఏళ్లు: ఆశ్లేష, జ్యేష్ఠ, రేవతి
కేతువు, 7 ఏళ్లు: అశ్విని, మఖ, మూల
శుక్రుడు, 20 ఏళ్లు: భరణి, పుబ్బ, పూర్వాషాఢ

పుట్టిన వేళ చంద్రుడు ఏ నక్షత్రంలో ఉంటే ఆ నక్షత్రాధిపతి దశతో జీవితం మొదలవుతుంది. అక్కడి నుంచి పై వరుసలోనే దశలు సాగుతాయి. అశ్వినిలో పుట్టిన పిల్లవాడికి కేతు దశ పోగానే బాల్యంలోనే శుక్ర దశ వస్తుంది. ఆరుద్రలో పుట్టినవాడికి అదే శుక్ర దశ యాభై తొమ్మిదేళ్ల తరువాత గాని రాదు. కాబట్టి శుక్ర దశలో పెళ్లి, వాహనం, భోగం అని పుస్తకంలో రాసి ఉన్నా, అది ఏ వయసులో వచ్చిందో చూడకుండా చెబితే అర్థం లేదు. చిన్నపిల్లల దశలో ఫలితాన్ని చదువుకు, ఆరోగ్యానికి, తల్లిదండ్రుల స్థితికి అన్వయిస్తారు.

మొదటి దశ పూర్తిగా ఎందుకు రాదు?

చంద్రుడు నక్షత్రంలో అడుగుపెట్టిన క్షణానే పుట్టినవాళ్లు అరుదు. ఎంతో కొంత దాటాక పుడతాం. దాటిన మేరకు మొదటి దశలో ఏళ్లు పుట్టక ముందే గడిచిపోయినట్టు లెక్క. మిగిలినదే జాతక చక్రం కింద "జనన కాల దశా శేషం" అని రాసే అంకె.

ఒక్కో నక్షత్రం 13 డిగ్రీల 20 కళలు. డిగ్రీకి 60 కళలు కనుక మొత్తం 800 కళలు. మన ఉదాహరణలో చంద్రుడు కర్కాటకంలో 3 డిగ్రీల 59 కళల దగ్గర ఉన్నాడు. పుష్యమి నక్షత్రం కర్కాటకంలో 3 డిగ్రీల 20 కళల దగ్గర మొదలవుతుంది. అంటే చంద్రుడు పుష్యమిలో 39 కళలు దాటాడు. పుష్యమికి శని అధిపతి, దశ 19 ఏళ్లు. 39ని 19తో గుణించి 800తో భాగిస్తే 0.926 ఏళ్లు, అంటే 11 నెలల 3 రోజులు గడిచిపోయాయి. శేషం 18 ఏళ్ల 27 రోజులు. పాత పద్ధతిలో పంచాంగం చూసి, నక్షత్రం ఆద్యంత ఘడియలెన్ని, పుట్టేసరికి గడిచినవెన్ని అని ఇదే లెక్కను ఘడియల్లో కట్టేవారు.

1947 ఆగస్టు 15కు ఆ శేషాన్ని కలిపితే శని దశ 1965 సెప్టెంబరు 11 ప్రాంతంలో ముగుస్తుంది. ఆ తరువాత బుధ దశ 1982 వరకు, కేతు దశ 1989 వరకు, శుక్ర దశ 2009 వరకు, రవి దశ 2015 వరకు, చంద్ర దశ 2025 వరకు సాగాయి. అన్నీ సెప్టెంబరులోనే మారతాయి. 2025 సెప్టెంబరు నుంచి 2032 సెప్టెంబరు వరకు కుజ మహాదశ.

దశలో భుక్తి

పదిహేను, ఇరవై ఏళ్ల కాలమంతా ఒకే తీరుగా ఉండదు. అందుకే ప్రతి మహాదశనూ మళ్లీ అదే నిష్పత్తిలో తొమ్మిది గ్రహాలకు పంచారు. ఈ భాగాన్ని అంతర్దశ అంటారు, భుక్తి అని కూడా అంటారు. మొదటి భుక్తి ఆ దశానాథుడిదే. తరువాత వరుస మామూలే. భుక్తిని ఇంకా విదశలుగా, సూక్ష్మదశలుగా విడగొడతారు కానీ, సాధారణ పాఠకుడు భుక్తి దగ్గర ఆగితే చాలు. ఎందుకో చివర్లో తెలుస్తుంది.

భుక్తి లెక్కకు కాగితం మీద చేసుకునే సులువు ఒకటుంది. దశ ఏళ్లను భుక్తి గ్రహం ఏళ్లతో గుణించాలి. వచ్చిన సంఖ్యలో చివరి అంకెను మూడుతో గుణిస్తే రోజులు, మిగిలిన అంకెలు నెలలు. కుజ దశలో రాహు భుక్తి కావాలంటే ఏడు పద్దెనిమిదులు 126. చివరి ఆరును మూడుతో గుణిస్తే 18 రోజులు, ముందున్న 12 నెలలు. అంటే 12 నెలల 18 రోజులు. ఇలా తొమ్మిది భుక్తులూ కలిపితే కచ్చితంగా ఏడేళ్లు వస్తాయి.

ఫలితం చదవడానికి వరుస

దశానాథుడి గురించి మొదట అడగాల్సింది "ఈ లగ్నానికి ఈ గ్రహం ఏ భావాలకు అధిపతి?" అని. శనినే చూడండి. వృషభ లగ్నానికి శని తొమ్మిది, పది స్థానాలకు అధిపతి. భాగ్యమూ వృత్తీ రెండూ అతని చేతిలో ఉన్నాయి కనుక యోగకారకుడంటారు. తుల లగ్నానికి నాలుగు, అయిదు స్థానాల అధిపతిగా అక్కడా యోగకారకుడే. అదే శని కర్కాటక లగ్నానికి ఏడు, ఎనిమిది స్థానాల అధిపతి, సింహ లగ్నానికి ఆరు, ఏడు స్థానాల అధిపతి. ఈ నలుగురికీ ఒకే రోజున శని దశ మొదలైనా శాస్త్రం నలుగురికీ ఒకే మాట చెప్పదు. శని దశ అంటేనే కష్టమని భయపెట్టేవాళ్లు లగ్నం చూడకుండా మాట్లాడుతున్నారని అర్థం.

రెండోది, ఆ గ్రహం ఎక్కడ ఉంది, ఎవరితో ఉంది, ఎవరి దృష్టిలో ఉంది అన్నది. ఆధిపత్యం ఏ విషయాలు వస్తాయో చెబితే, స్థితి అవి ఏ రంగంలో, ఎంత బలంగా వస్తాయో చెబుతుంది. రాహుకేతువులకు సొంత రాశులు లేవు కనుక, వాళ్లు ఉన్న భావాన్ని బట్టీ, కలిసిన గ్రహాన్ని బట్టీ, ఆ రాశ్యధిపతిని బట్టీ ఫలితం చెబుతారు.

మూడోది, దశానాథుడికీ భుక్తినాథుడికీ ఉన్న సంబంధం. ఒకరి నుంచి మరొకరు ఆరు, ఎనిమిది స్థానాల్లో ఉంటే షష్ఠాష్టకమనీ, రెండు, పన్నెండు స్థానాల్లో ఉంటే ద్విర్ద్వాదశమనీ అంటారు. ఇద్దరూ పొంతన లేకుండా లాగుతారని భావం. కేంద్రాల్లోనో కోణాల్లోనో ఉంటే కలిసి పనిచేస్తారు. ఇక్కడ చాలామంది మరిచిపోయే సూత్రమొకటి లఘు పారాశరిలో ఉంది. దశానాథుడు తన పూర్తి ఫలితాన్ని తన సొంత భుక్తిలో ఇవ్వడు. తనతో సంబంధమున్న గ్రహాల భుక్తుల్లో, తనలాంటి ధర్మమున్న గ్రహాల భుక్తుల్లో ఇస్తాడు. కొత్త దశ మొదలైన నెలకే ఏమీ జరగలేదని నిరాశపడటం, ఏదో జరిగిందని గాభరాపడటం రెండూ అనవసరమని దీని అర్థం.

ఈ మూడూ అయ్యాకే గోచారం చూస్తారు. దశ ఏ విషయం కదులుతుందో చూపుతుందనీ, ఆ కాలంలోనే గురువు, శని వంటి మందగతి గ్రహాలు ఆ భావాల మీదుగా నడిచినప్పుడు అది బయటపడుతుందనీ పద్ధతి. దశలో లేని విషయాన్ని గోచారం ఒక్కటే తేలేదు.

ఒక భుక్తిని చదివి చూద్దాం

1965 సెప్టెంబరులో మొదలైన బుధ దశలో భుక్తులు లెక్కకడుతూ పోతే రాహు భుక్తి 1975 మార్చి నుంచి 1977 సెప్టెంబరు వరకు వస్తుంది. దేశంలో అత్యవసర పరిస్థితి 1975 జూన్ 25న మొదలై 1977 మార్చి 21న ముగిసింది. అంతా ఆ ఒక్క భుక్తిలోనే ఇమిడిపోయింది.

జ్యోతిషుడు దీన్ని ఇలా చదువుతాడు. వృషభ లగ్నానికి బుధుడు రెండు, అయిదు స్థానాల అధిపతి, మూడో స్థానంలో ఉన్నాడు. దేశ జాతకంలో మూడో స్థానం పత్రికలకు, సమాచారానికి చెందినది. రాహువు లగ్నంలో ఉన్నాడు, అంటే దేశం మీదే, దాని ప్రజల మీదే కూర్చున్నాడు. ఆ రాశ్యధిపతి శుక్రుడూ మూడో స్థానంలోనే ఉన్నాడు. పత్రికల మీద సెన్సారు, ప్రజల స్వేచ్ఛకు సంకెళ్లు వచ్చిన కాలానికి ఇది చక్కగా అతికినట్టు కనిపిస్తుంది.

ఇక్కడే ఆగితే మెచ్చుకుని వెళ్లిపోవచ్చు. కానీ ఇదే చక్రంలో మూడో ప్రశ్న అడగండి. బుధుడి నుంచి రాహువు పదకొండో స్థానంలో, రాహువు నుంచి బుధుడు మూడో స్థానంలో ఉన్నారు. ఈ సంబంధాన్ని శాస్త్రం చెడ్డదని చెప్పదు. ఆ ఒక్క సూత్రాన్నే పట్టుకుని 1974లో చెప్పాల్సి వస్తే, ముందున్నది అనుకూల కాలమని చెప్పి ఉండేవాళ్లు. జరిగిన తరువాత చదివేటప్పుడు మనకు అతికే సూత్రం చేతికి వస్తుంది, అతకనిది పక్కకు పోతుంది. దశాఫలం వినే ప్రతివాళ్లూ గుర్తుంచుకోవలసిన మొదటి హద్దు ఇది.

తేదీలు ఎంత గట్టివి?

రెండో హద్దు తేదీలది. పై లెక్కలో చంద్రుడు 3 డిగ్రీల 59 కళల దగ్గర ఉన్నాడనడానికి మనం వాడింది లాహిరి అయనాంశ. మేఘనాథ్ సాహా అధ్యక్షతన పనిచేసిన పంచాంగ సంస్కరణ సంఘం 1955 నివేదికలో చిత్రాపక్ష అయనాంశను తీసుకుంది. ఇప్పుడు ఎక్కువ జాతకాలు దీనితోనే వేస్తున్నారు. అయితే బి.వి. రామన్ అయనాంశ వాడేవాళ్లూ ఉన్నారు. రెండింటికీ తేడా సుమారు ఒకటిన్నర డిగ్రీ. చిన్నదిగా కనిపించే ఈ తేడా దశల్లోకి వచ్చేసరికి పెద్దదవుతుంది.

రామన్ లెక్కలో మన చంద్రుడు పుష్యమిలో 39 కళలు కాక 126 కళల వరకు దాటిపోతాడు. శని దశ శేషం 18 ఏళ్ల నుంచి దాదాపు 16 ఏళ్లకు దిగుతుంది. తరువాతి దశలన్నీ రెండేళ్లు ముందుకు జరుగుతాయి. రాహు భుక్తి 1975 సెప్టెంబరు మొదటికే అయిపోయి, అత్యవసర పరిస్థితిలో ఎక్కువ భాగం గురు భుక్తిలో పడుతుంది. గురువు ఈ లగ్నానికి ఎనిమిదో స్థానాధిపతి, ఆరో స్థానంలో ఉన్నాడు కనుక దాంతోనూ ఆ సంఘటనను సమర్థించవచ్చు. ఒకే సంఘటనకు రెండు వేర్వేరు గ్రహాలు కారణమయ్యాయి. చంద్రుడు నక్షత్రం చివరి ఒకటిన్నర డిగ్రీలో ఉన్నవాళ్లకైతే రెండు అయనాంశల్లో జన్మనక్షత్రమే మారిపోతుంది, మొదటి దశే వేరవుతుంది. ఇలాంటివాళ్లు తొమ్మిది మందిలో ఒకరు ఉంటారు.

పుట్టిన సమయం కూడా అంతే. చంద్రుడు గంటకు సుమారు 33 కళలు నడుస్తాడు. శుక్ర దశలో పుట్టినవాళ్లకు జనన సమయంలో ఒక్క నిమిషం తేడా వస్తే దశ తేదీలు అయిదు రోజులు జరుగుతాయి. అరగంట తేడా వస్తే అయిదు నెలలు. ఆసుపత్రి కాగితంలో గుండ్రంగా "ఉదయం 6 గంటలు" అని రాసి ఉంటే దాన్ని నిమిషం వరకు నమ్మలేం. ఇది చాలదన్నట్టు, ఏడాదికి 365 రోజులా, 360 రోజులా అన్న భేదమూ ఉంది. అరవై ఏళ్ల వయసుకు ఈ రెండింటి మధ్య దాదాపు పది నెలల ఎడం వస్తుంది. అందుకే విదశ, సూక్ష్మదశల వరకు వెళ్లి "ఫలానా మంగళవారం జాగ్రత్త" అని చెప్పడానికి ఈ లెక్కలో పునాది లేదు. భుక్తి దగ్గర ఆగమన్నది ఇందుకే. ఆ భుక్తి తేదీలను కూడా కొన్ని నెలల వెసులుబాటుతోనే చూసుకోవాలి.

మీ జాతకం చేతిలో ఉంటే

మొదటి పేజీలో అయనాంశ ఏది వాడారో చూడండి. రాసి లేకపోతే వేసినవారిని అడగండి. చంద్రుడి డిగ్రీలు, కళలు తీసుకుని పై పద్ధతిలో దశా శేషం మీరే కట్టి, కాగితం మీదున్న అంకెతో సరిపోల్చండి. కొద్ది రోజుల తేడా మామూలే. ఏళ్ల తేడా కనిపిస్తే అయనాంశ గానీ పుట్టిన సమయం గానీ తప్పిందని అర్థం.

తరువాత మీ జీవితంలో తేదీ గట్టిగా తెలిసిన సంఘటనలు నాలుగైదు రాయండి. ఉద్యోగం, పెళ్లి, సంతానం, ఇంట్లో ఒకరిని పోగొట్టుకోవడం వంటివి. వాటిని జ్యోతిషుడికి ముందుగా చెప్పకుండా, ఆయా ఏళ్లలో నడిచిన దశాభుక్తులు ఏ భావాలను కదిపాయో ఆయననే చెప్పమనండి. తరువాత మీ కాగితంతో పోల్చండి. ముందు చెప్పడానికీ, జరిగాక అతికించడానికీ తేడా ఇక్కడ తేలిపోతుంది.

రాబోయే కాలం గురించి విన్నప్పుడు విషయాన్నీ తీర్పునూ విడదీసి వినండి. దేశ జాతకంలో నడిచే కుజ దశనే తీసుకోండి. కుజుడు ఏడు, పన్నెండు స్థానాల అధిపతి, రెండో స్థానంలో ఉన్నాడు. పొరుగు దేశాలతో వ్యవహారం, వ్యయం, ఖజానా అన్న విషయాలు ముందుకు వస్తాయని శాస్త్రం ఈ చక్రం నుంచి చెప్పగలదు. గెలుపా ఓటమా, లాభమా నష్టమా, ఏ నెలలో అన్నది ఇంత తేదీల సందిగ్ధంలో ఎవరూ గట్టిగా చెప్పలేరు. వ్యక్తి జాతకానికీ ఇదే వర్తిస్తుంది.

దశలకూ జీవిత సంఘటనలకూ సంబంధం ఉందని శాస్త్రీయంగా నిరూపణ కాలేదు. సంప్రదాయంగా దీన్ని నమ్మేవారు తమ జీవితాన్ని వెనక్కి చూసుకోవడానికి, వయసుకు తగ్గ పనులను ఆలోచించుకోవడానికి వాడుకోవచ్చు. అనారోగ్యానికి వైద్యుడిని చూడటం, అప్పు మీద సంతకం పెట్టేముందు లెక్క చూసుకోవడం, పెళ్లి నిర్ణయంలో మనిషిని చూడటం మాత్రం ఏ దశ నడుస్తున్నా మానకూడదు. లగ్నమూ అయనాంశా చెప్పకుండా దశ పేరు ఒక్కటే చెప్పి భయపెట్టి, శాంతికి వేలల్లో ఖర్చు చెప్పేవారు ఎదురైతే, "ఈ గ్రహం నా లగ్నానికి ఏ భావాలకు అధిపతి?" అని ఒక్క ప్రశ్న అడగండి. దానికి సూటిగా జవాబు రాకపోతే డబ్బు తీయకుండా లేచి వచ్చేయండి.